ఊరగాయ సీసా దుకాణపు షెల్ఫ్ ఎక్కే ముందు: ప్యాకేజింగ్‌తో బ్రాండును నిలబెట్టే విధానం

తెలిసినవారికి ఊరగాయ అమ్మేటప్పుడు సరుకుతో పాటు దానిని చేసిన మనిషి కూడా కొనేవారి ఎదుట ఉంటాడు. కొనేవారు వాసన చూస్తారు, వేలికొసతో రుచి చూస్తారు, కారం ఎంత ఉందని అడుగుతారు, ఎన్నాళ్లు నిలవ ఉంటుందని అడుగుతారు, చేసినవారు జవాబు చెబుతారు. అదే సీసా పెద్ద దుకాణంలోని షెల్ఫ్ మీదికి వెళ్లినప్పుడు వాసన ఉండదు, రుచి ఉండదు, జవాబు చెప్పే మనిషీ ఉండడు. అంతవరకు మనిషి చేసిన పనిని అక్కడ సీసా, మూత, లేబుల్ కలిసి చేయాలి. కనుక ఈ దశలో ప్యాకేజింగ్ రూపకల్పన అంటే అందమైన బొమ్మ గీయించడం కాదు. ఏ మాట చెప్పాలో, ఏ మాట వదిలేయాలో, చెప్పిన మాట సీసా ఖాళీ అయ్యేవరకు ఎలా నిలబెట్టుకోవాలో నిర్ణయించడం.

చిన్న ఆహార తయారీదారులకు లేబుళ్లు రూపొందించే పనిలో నేను చూసిన ఒక సందర్భాన్ని ఆధారంగా తీసుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఆ తయారీదారు తొమ్మిది రకాల ఊరగాయలను ప్లాస్టిక్ సంచుల్లో నింపి, వాటికి చిన్న స్టిక్కరు అంటించి, ఇరుగుపొరుగు కుటుంబాలకు అమ్మేవారు. ఒక దుకాణదారు మూడు రకాలను గాజు సీసాల్లో పెట్టి చూద్దామని అడిగారు. అక్కడినుంచి సీసాలు షెల్ఫ్ చేరేవరకు ఏం జరిగిందో, ఏది మొదట తప్పిందో వరుసగా చెబుతాను. ఇక్కడ ఊరగాయ అంటే ముక్కల మీద నూనె నిలిచి ఉండే రకమని గ్రహించాలి. ఉప్పు నీటిలోనో, వెనిగర్‌లోనో ఊరేవాటికి నింపే పద్ధతి, మూత వేసే పద్ధతి వేరుగా ఉంటాయి.

మొదటి మెట్టు: ఇంతకాలం నోటితో చెప్పిన మాటను కాగితం మీద పెట్టడం

డిజైనరును పిలవడానికి ముందే రెండు వారాల పాటు ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని, కొనేవారు అడిగిన ప్రతి ప్రశ్ననూ, మళ్లీ కొన్నవారు చెప్పిన ప్రతి మాటనూ వారి మాటల్లోనే రాయాలి. "చాలా బాగుంది" వంటి పొగడ్తలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే అవి ఏ ఊరగాయకైనా సరిపోతాయి. మన దగ్గరికే తిరిగి రావడానికి కారణమేమిటో చెప్పే మాటలు కావాలి. మనం చెప్పుకున్న సందర్భంలో తయారీదారు తన బలం పాతకాలపు పద్ధతి అని నమ్మేవారు, లేబుల్ మీద ఆ మాటే పెద్దగా వేయించాలనుకున్నారు. పుస్తకం తిరగేసి చూస్తే పాత పద్ధతి గురించి దాదాపు ఎవరూ మాట్లాడలేదు. ఎక్కువమంది ఏదో ఒక రూపంలో చెప్పినది ఒకటే: ఆరు నెలలైనా ముక్క మెత్తబడటం లేదు.

ఇదే బ్రాండుకు పునాది అయింది. అయితే ఇలాంటి మాట దొరికిన వెంటనే దానిని అచ్చుకు పంపకూడదు. ఆ మాట ఇంట్లో జాడీలో నిలవ ఉన్న ఊరగాయ విషయంలో నిజం. కొత్త సీసాలో, దుకాణపు వెలుతురులో, గోదాము వేడిలో కూడా నిజమవుతుందో లేదో వేరుగా చూడాలి. కొత్త సీసాల్లో ఒక బ్యాచ్ నింపి, కొన్నిటిని చీకటిలో, కొన్నిటిని ట్యూబ్‌లైటు కింద ఉంచి, నెలకొకటి చొప్పున తెరిచి ముక్కనూ, రంగునూ, నూనె వాసననూ నమోదు చేయాలి. నూనె ముక్కిపోవడానికి గాలితో పాటు వెలుతురు కూడా ఒక కారణం కాబట్టి, పారదర్శకమైన సీసా వాడాలనుకునేవారు ఈ పరీక్షను దాటవేయడానికి వీల్లేదు. నిలవ కాలాన్ని, ఆమ్లత్వాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించడం దీనికి అదనంగా ఉండవలసిందే, దీనికి బదులు కాదు.

రెండవ మెట్టు: ఎన్ని రకాలతో వెళ్లాలి

దీనిని త్వరగా తేల్చుకోవచ్చు. కొత్త తయారీదారుకు షెల్ఫ్ మీద సాధారణంగా ఒక్కో రకానికి ఒక్క సీసా ముఖం పట్టే చోటు మాత్రమే దొరుకుతుంది. తొమ్మిది రకాలు పంపితే అవి చెల్లాచెదురుగా నిలబడి ఏదీ కంటికి ఆనదు; మూడు రకాలు పక్కపక్కన నిలబడితే ఒక పెద్ద వస్తువులా కనిపిస్తాయి. మనవారు మామిడి, నిమ్మ, వెల్లుల్లి ఎంచుకున్నారు. మిగతా ఆరింటినీ పాత కొనుగోలుదారులకు పాత పద్ధతిలోనే అమ్ముతూ ఉన్నారు.

మూడవ మెట్టు: బొమ్మకు ముందు సీసా, మూత

ఊరగాయ ప్యాకేజింగులో అసలు శత్రువు పోటీదారు కాదు, నూనె. సీసా మెడ దగ్గర ఒక్క చుక్క నూనె జారినా దుమ్ము పట్టుకుంటుంది, లేబుల్ అంచు లేస్తుంది, చేతికి అంటుకున్నవారు దానిని వెనక్కి పెట్టి పక్క సీసా తీసుకుంటారు. అందుకే రంగుల గురించి మాట్లాడే ముందు మూత గురించి మాట్లాడాలి.

వేడిగా నింపే జాములు, సాసుల సీసాల్లో లోపలి పదార్థం చల్లారినప్పుడు శూన్యత ఏర్పడి మూతను కిందికి లాగి పట్టుకుంటుంది. నూనె ఊరగాయను సాధారణంగా వేడిగా నింపం కాబట్టి ఆ సహాయం మనకు ఉండదు. మూత బిగింపు మీద, దాని లోపలి మెత్తని లైనర్ మీద, నోటికి అంటించే పలుచని రేకు సీలు మీదే ఆధారపడాలి. మూతలు కొనేటప్పుడు పరిమాణం ఒక్కటే చెబితే చాలదు. లోపల ఉండేది నూనె, ఉప్పు, పులుపు కలిసిన పదార్థమని స్పష్టంగా చెప్పి, దానికి తగిన లైనరును, లోపలి పూతను అడగాలి. లైనర్లలోని కొన్ని మెత్తబరిచే రసాయనాలు నూనెలోకి దిగే అవకాశం ఉంది. పూత సరిగా లేని లోహపు మూతను ఉప్పు, పులుపు కలిసి తుప్పు పట్టిస్తాయి. నూనె పదార్థాలకు సరిపోతుందని సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

నింపేటప్పుడు రెండు నియమాలు పాటించాలి. సీసా నోటి అంచును ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి, ఎందుకంటే నూనె తడి ఉన్న అంచుకు రేకు సీలు సరిగా పట్టదు, పట్టినట్టు కనిపించి తరువాత వదిలేస్తుంది. పైన కొంత ఖాళీ వదలాలి, ఎందుకంటే వేడికి నూనె, దానితో పాటు లోపలి గాలి వ్యాకోచించి, అంచుదాకా నిండిన సీసాలో మూతను నెడతాయి. ఎంత ఖాళీ అన్నది సీసా ఆకారాన్ని బట్టి మారుతుంది కనుక పరీక్షతోనే తేల్చుకోవాలి.

పరీక్షకు ప్రత్యేకమైన యంత్రమేదీ అవసరం లేదు. నింపి మూత వేసిన ఇరవై సీసాలను తీసుకుని ఒక్కొక్కదాన్ని గ్రాము తేడా కూడా తెలిసే త్రాసులో తూచి, సగం సీసాలను తలకిందులుగా, సగాన్ని పక్కకు పడుకోబెట్టి, కింద తెల్లటి అద్దుడు కాగితం పరిచి ఒక రోజంతా వదిలేయాలి. ఆ తరువాత ఇదే పరీక్షను ఎండాకాలపు గోదామును పోలిన నలభై అయిదు డిగ్రీల వెచ్చదనంలో మళ్లీ చేయాలి. కాగితం మీద మరక కనిపించినా, బరువు తగ్గినా ఆ మూత పనికిరాదు, లేదా బిగించే చేయి పనికిరాదు. మనవారికి మొదటిసారి ఇరవైలో నాలుగు కారాయి. ఆ నాలుగూ ఒకే వ్యక్తి, రోజు చివరలో అలసిపోయి బిగించినవని తరువాత తెలిసింది. మూతను మార్చలేదు, బిగింపును కొలిచే చిన్న పరికరం కొన్నారు.

నాలుగవ మెట్టు: గుండ్రటి సీసాను చదును కాగితంలా చూడకపోవడం

లేబుల్ గీసేవారు కంప్యూటరు తెర మీద చదునైన దీర్ఘచతురస్రాన్ని చూస్తారు, కొనేవారు గుండ్రటి సీసాను చూస్తారు. చిన్న తయారీదారుల లేబుళ్లలో నేను చూసే తప్పుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి.

మన సీసా వ్యాసం 70 మిల్లీమీటర్లు. దాని చుట్టుకొలత దాదాపు 220 మిల్లీమీటర్లు. చుట్టూ తిరిగే లేబుల్ రెండు చివరల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే లేబుల్ పొడవు 217 అవుతుంది. ఎదురుగా నిలబడిన మనిషికి సిద్ధాంతరీత్యా సగం చుట్టుకొలత కనిపించాలి, కానీ అంచుల దగ్గర అక్షరాలు ఒత్తుకుపోయి చదవడానికి రావు. హాయిగా చదవగలిగేది చుట్టుకొలతలో మూడో వంతు, అంటే 73 మిల్లీమీటర్ల వరకే. దానిలోనూ ప్రధానమైన పేరు 55 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోవడం క్షేమం. పొడవైన పేరు పెట్టుకున్నవారు దానిని రెండు వరుసలుగా విడగొట్టాలి తప్ప సీసా చుట్టూ సాగదీయకూడదు.

దీనికి తోడు మరో నిజం ఉంది. దుకాణంలో సర్దేవారు ప్రతి సీసాను ముందుకు తిప్పి పెట్టరు, ఒకరు తీసి చూసి తిరిగి పెట్టినప్పుడు అది ఏ వైపైనా తిరగవచ్చు. అందుకే ఒకే ముఖం ఉన్న లేబుల్‌కు బదులు, ఎదురెదురుగా ఒకేలా ఉండే రెండు ముఖాలున్న లేబుల్‌ను నేను సిఫారసు చేస్తాను. ఒక్కో ముఖానికి 60 మిల్లీమీటర్లు ఇస్తే రెండింటికీ 120 పోతుంది. మిగిలిన 97 మిల్లీమీటర్లు రెండు పక్క పలకలుగా విడిపోతాయి, ఒక్కొక్కటి దాదాపు 48. ఒక పలక మీద పదార్థాలు, పోషక విలువలు, చిరునామా. రెండవదాని మీద బార్‌కోడ్, బ్యాచ్ నంబరు, తేదీలు. అన్నీ సరిపోతాయి. సరిపోవడం లేదని అనిపిస్తే సాధారణంగా ముందు ముఖం మీద మాటలు ఎక్కువయ్యాయని అర్థం.

ఎత్తు విషయంలో సీసా భుజం వంపు మొదలయ్యే చోటికి కనీసం మూడు మిల్లీమీటర్లు దిగువనే లేబుల్ ఆగిపోవాలి. రెండు దిక్కులకూ వంగిన ఉపరితలం మీద కాగితమైనా ఫిల్మ్ అయినా ముడతలు పడుతుంది. లేబుల్ అడుగు అంచును కూడా ఆలోచించి వాడాలి: షెల్ఫ్ ముందు ఉండే ధర పట్టీ సీసా కింది భాగాన్ని కప్పేస్తుంది. అక్కడ అలంకారం ఉండవచ్చు, రకం పేరు మాత్రం ఉండకూడదు. సీసాను మోకాలి ఎత్తు షెల్ఫ్‌లో పెడితే కనిపించేది మూత మాత్రమే కాబట్టి మూత మీద కూడా రకం పేరును చిన్న గుండ్రటి స్టిక్కరుగా వేయడం అవసరం.

అయిదవ మెట్టు: ముందు ముఖం

సీసా వైపు నడిచి వచ్చే మనిషి దానిని మూడు దూరాల నుంచి చూస్తాడు. రెండు మీటర్ల దూరంలో రంగు, ఆకారం, ఒక్క పేరు మాత్రమే అందుతాయి. ముప్పావు మీటరు దగ్గరికి వస్తే రకం పేరు, ఒక వాక్యం అందుతాయి. చేతిలోకి తీసుకున్నాకే మిగతాదంతా. ముందు ముఖం మీద ఏది ఎంత పరిమాణంలో ఉండాలన్నది ఈ దూరాలే నిర్ణయించాలి. అక్షరం ఎత్తుకు రెండువందల రెట్ల దూరం నుంచి సులువుగా చదవవచ్చన్నది నేను వాడే మోటు లెక్క. దాని ప్రకారం రెండు మీటర్ల నుంచి చదవవలసిన అక్షరం పది మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. తెలుగు వంటి లిపుల్లో ఆ పది మిల్లీమీటర్లను తలకట్టు నుంచి అక్షరం అడుగు వరకే కొలవాలి. వత్తులకూ గుడులకూ పైన కింద వేరే చోటు ఇవ్వకపోతే వరుసలు ఒకదానితో ఒకటి తగులుకుంటాయి.

రెండు మీటర్ల నుంచి కనిపించవలసినది బ్రాండు పేరా, రకం పేరా అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. ప్రతి తయారీదారూ తన బ్రాండు పేరే పెద్దగా కావాలంటారు. నా అభిప్రాయం వేరు. ఎవరికీ తెలియని బ్రాండు పేరు రెండు మీటర్ల నుంచి ఎవరినీ పిలవదు. కొనేవారి మనసులో అప్పటికే ఉన్న మాట "నిమ్మకాయ ఊరగాయ" మాత్రమే. కనుక తొలి సంవత్సరాల్లో రకం పేరును అన్నిటికంటే పెద్దగా ఉంచి, బ్రాండు గుర్తింపును పేరు పరిమాణంతో కాకుండా, మారని ఒక రంగు పట్టీతో, మారని స్థానంతో కలిగించాలి. మూడు సీసాల మీదా లేబుల్ పై అంచు నుంచి అదే ఎత్తులో, అదే వెడల్పుతో ఒక ముదురు పట్టీ ఉంటే, పక్కపక్కన నిలబడినప్పుడు ఆ మూడు పట్టీలు కలిసి ఒకే గీతగా కనిపిస్తాయి. చిన్న తయారీదారుకు షెల్ఫ్ మీద పెద్ద చోటు కొనుక్కునే శక్తి ఉండదు. ఒకే ఎత్తులో కలిసే ఆ గీత మూడు సీసాలనూ ఒక్క వస్తువుగా నిలబెడుతుంది. తరువాత నాలుగో రకం వచ్చినా అదే గీత పొడిగింపులో నిలబడుతుంది.

రంగు ఎంచుకునేటప్పుడు సీసా లోపలి రంగును కూడా లేబుల్‌లో భాగంగా లెక్కపెట్టాలి. కారం, నూనె కలిసిన ఊరగాయలు గాజు వెనుక నుంచి చాలావరకు ఒకే ఎరుపు గోధుమ రంగులో కనిపిస్తాయి. దాని మీద ఎర్ర లేబుల్ వేస్తే సీసా అంతా ఒకే మచ్చగా మారుతుంది, రకాల మధ్య తేడా కూడా తెలియదు. మనవారు మొదట ఎరుపు, నారింజ, పసుపు అడిగారు. వాటికి బదులు లేబుల్ అంతటికీ మీగడ తెలుపు, పట్టీకి ముదురు నీలం, రకాన్ని బట్టి మారే చిన్న భాగానికి మాత్రమే వేరువేరు రంగులు తీసుకున్నాం. ఆహారానికి నీలం నప్పదని తయారీదారుకు భయం ఉండేది. ఎర్రటి ఊరగాయ పక్కన ఆ నీలం పట్టీయే దూరం నుంచి స్పష్టంగా కనిపించింది, షెల్ఫ్ మీద మరెవరూ దానిని వాడలేదు.

ఇక మొదటి మెట్టులో దొరికిన మాట. ముక్క మెత్తబడదన్న వాగ్దానాన్ని పెద్ద నినాదంగా రాయడానికి బదులు చూపించడానికి ప్రయత్నించాం. ముందు ముఖం మీద గుట్టగా పోసిన పండ్లు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బల బొమ్మ లేదు. ఒకే ఒక్క ముక్క, పదునైన అంచులతో, పెద్దగా గీసి ఉంది. లేబుల్ పైన భుజం దాకా ఉన్న గాజు భాగాన్ని ఖాళీగా వదిలి, నింపేటప్పుడు గాజుకు ఆనేలా ముక్కలు పేర్చిన తరువాతే పిండి, నూనె పోయాలని నింపే పద్ధతిని మార్చారు. వాక్యం ఒక్కటే: "ముక్క ముక్కగానే ఉంటుంది." లేబుల్ మీద చెప్పిన మాట, గాజులో నుంచి కనిపించేది, నోటికి తగిలేది ఒకటే కావడం ఇక్కడ ఉద్దేశం. నింపే చేయి ముక్కలను అడుగున వదిలేసి పైన పిండి మాత్రమే కనిపించేలా నింపితే ఎంత మంచి లేబుల్ అయినా ఆ సీసాలో అబద్ధం చెబుతుంది.

ఆరవ మెట్టు: చట్టం అడిగే వివరాలు, బార్‌కోడ్

అమ్మే దేశపు ఆహార లేబుల్ నిబంధనల పూర్తి పాఠాన్ని రూపకల్పన మొదలుపెట్టే రోజునే దగ్గర పెట్టుకోవాలి. నిబంధనలు దేశానికొక తీరుగా ఉన్నా, ప్యాక్ చేసిన ఆహారం లేబుళ్లకు కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం అడిగే మూలాంశాలు చాలా చోట్ల కనిపిస్తాయి: ఆహారం పేరు, బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు పదార్థాల జాబితా, నికర పరిమాణం, తయారీదారు పేరు చిరునామా, మూల దేశం, బ్యాచ్ గుర్తు, తేదీ, నిలవ ఉంచే పద్ధతి. ఆవపిండి, నువ్వులనూనె వంటివి వాడేవారు ఎలర్జీ కలిగించే పదార్థాలను తమ దేశపు చట్టం ఎలా చూపమంటుందో ప్రత్యేకంగా చూసుకోవాలి. అక్షరాల కనీస పరిమాణాన్ని కూడా చట్టమే చెబుతుంది కాబట్టి ఆ కొలతను డిజైనరుకు ముందే ఇవ్వాలి. చివర్లో ఇస్తే అందంగా కుదిరిన పలకను మొదటినుంచి మార్చవలసి వస్తుంది.

బార్‌కోడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చదవకపోతే దుకాణం సీసాను వెనక్కి పంపుతుంది. ప్రతి రకానికీ, ప్రతి పరిమాణానికీ వేరే సంఖ్య కావాలి. పదమూడు అంకెల సాధారణ బార్‌కోడ్ పూర్తి కొలత, రెండు పక్కల ఉండవలసిన ఖాళీతో కలిపి, 37.29 మిల్లీమీటర్ల వెడల్పు, 25.93 మిల్లీమీటర్ల ఎత్తు. దానిని 80 శాతం వరకే తగ్గించవచ్చు. పక్క ఖాళీని వృథా చోటుగా భావించి అక్కడ అంచు గీత గీయడం చాలామంది చేసే తప్పు. ఆ ఖాళీ లేకపోతే గీతలు ఎక్కడ మొదలయ్యాయో స్కానరుకు తెలియదు. చాలా స్కానర్లు ఎర్రటి వెలుతురు వాడతాయి కనుక ఎరుపు, నారింజ గీతలు వాటికి తెల్లగా కనిపిస్తాయి. ఊరగాయ లేబుళ్లలో ఎరుపు మీద మోజు ఎక్కువ కాబట్టి ఈ సంగతి మరవకూడదు. తెలుపు మీద నలుపే క్షేమం.

వంపు కూడా లెక్కలోకి వస్తుంది. గీతలు నిలువుగా ఉంటే సీసా చుట్టూ వంగిపోయి చివరి గీతలు స్కానరుకు అందవు. మధ్య గీతకూ చివరి గీతకూ మధ్య కోణం ముప్పై డిగ్రీల లోపు ఉండాలి. మన 70 మిల్లీమీటర్ల సీసా మీద పూర్తి పరిమాణపు గీతల వెడల్పులో సగం 15.7 మిల్లీమీటర్లు, అది దాదాపు ఇరవై ఆరు డిగ్రీల కోణాన్ని ఇస్తుంది, సరిపోతుంది. సీసా వ్యాసం 50 మిల్లీమీటర్లే అయితే అదే గుర్తు ముప్పై ఆరు డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు గుర్తును పక్కకు తిప్పి, గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి వచ్చేటట్టు అచ్చు వేయాలి. తరువాత చిన్న సీసాలు తేవాలనుకునేవారు మొదటి నుంచే నిచ్చెన పద్ధతిని ఎంచుకుంటే పలకల అమరికను మళ్లీ మార్చవలసిన అవసరం ఉండదు.

ఏడవ మెట్టు: అచ్చుకు ముందు ఉత్తుత్తి షెల్ఫ్

రూపకల్పనను తెర మీద, ఒంటరిగా, తెల్లటి నేపథ్యంలో చూసి ఆమోదించకూడదు. దుకాణంలో దాని పక్కన నిలబడబోయే సీసాలను కొని తెచ్చి, నిజమైన ఎత్తులో ఒక అర ఏర్పాటు చేసి, మామూలు ప్రింటరులో తీసిన లేబుళ్లను నింపిన సీసాలకు చుట్టి వాటి మధ్య పెట్టాలి. ముందు అడుగున ధర పట్టీ వెడల్పున ఒక అట్ట ముక్క అంటించాలి. పని గురించి ఏమీ తెలియని పదిహేనుమందిని ఒక్కొక్కరిగా పిలిచి, "ఎలా ఉంది?" అని కాకుండా "వెల్లుల్లి ఊరగాయ తీసి ఇవ్వండి" అని అడగాలి. ఎలా ఉందని అడిగితే మర్యాద కోసం బాగుందంటారు. తీసి ఇవ్వమంటే చేయి నిజం చెబుతుంది.

మన పరీక్షలో పదిహేనుమందిలో అయిదుగురు వెల్లుల్లికి బదులు మామిడి తీశారు. షెల్ఫును ఫోనుతో తీసి ఆ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూస్తే కారణం వెంటనే తెలిసింది: రెండు రకాలకూ ఎంచుకున్న రంగులు వేరైనా వాటి ముదురుదనం ఒకటే, రెండు బొమ్మల ఆకారం కూడా దాదాపు ఒకటే. రంగును ఒక్కదాన్నే నమ్ముకుంటే మసక వెలుతురులోనూ, రంగుల తేడా తెలియనివారికీ సమస్య వస్తుంది. వెల్లుల్లి బొమ్మను నిలువు రెబ్బగా, మామిడిని అడ్డంగా కోసిన ముక్కగా మార్చి, ఒక రంగును బాగా లేత చేశాం. మళ్లీ వేరే పదిహేనుమందిని పిలిస్తే ఒక్కరు మాత్రమే తడబడ్డారు.

ఎనిమిదవ మెట్టు: అచ్చు

మొదటి విడతను డిజిటల్ పద్ధతిలో, తక్కువ సంఖ్యలో వేయించాలి. దీనికి ప్లేట్లు అవసరం లేదు కాబట్టి ఒక్కో లేబుల్ ఖరీదు ఎక్కువైనా, తప్పు దొరికినప్పుడు పారేయవలసినవి తక్కువ ఉంటాయి. చిన్న అక్షరాలను నాలుగు రంగులు కలిపిన నలుపుతో కాకుండా ఒక్క నల్ల సిరాతోనే వేయమని అచ్చువారికి చెప్పాలి, లేకపోతే రంగులు రవ్వంత జరిగినా పదార్థాల జాబితా మసకబారుతుంది.

లేబుల్ పదార్థం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. గరుకు కాగితం చేతిపనిలా, ఇంటి వంటలా కనిపిస్తుందని చాలామంది దానిని ఇష్టపడతారు. మనవారు కూడా మొదటి 500 లేబుళ్లను పూత లేని కాగితం మీద వేయించారు. సీసాలు దుకాణానికి వెళ్లిన మూడో వారంలో మెడ నుంచి జారిన సన్నని నూనె పొర కాగితంలోకి ఇంకి, లేబుళ్ల మీద బూడిద రంగు మచ్చలు తేలాయి. సీసా కారలేదు. నింపిన తరువాత పైన తుడవడంలో మిగిలిపోయిన నూనె పొర చాలింది. రెండో విడతలో నూనె పీల్చని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద మెరుపు లేని పైపూతతో వేయించారు. చూడటానికి కాగితంలాగే ఉంటుంది. దానితో పాటు, లేబుల్‌ను నింపడానికి ముందే, శుభ్రమైన పొడి సీసాకు అంటించడం మొదలుపెట్టారు, ఎందుకంటే నూనె తడి ఉన్న గాజు మీద ఏ జిగురూ నిలవదు. తేదీ, బ్యాచ్ నంబరు వేసే చోట మాత్రం పైపూత లేకుండా వదిలేయమని అడగాలి. పూత మీద వేసిన తేదీ వేలితో రుద్దితే పోతుంది. నమూనా వచ్చిన రోజునే నూనె అంటిన వేలితో రుద్ది చూడటం దీనికి సరైన పరీక్ష.

తొమ్మిదవ మెట్టు: పెట్టె

పన్నెండు సీసాల పెట్టెలో సీసాల మధ్య అట్ట అడ్డుగోడలు లేబుల్ ఎత్తుకు తగ్గకుండా ఉండాలి, లేకపోతే ప్రయాణంలో సీసాలు ఒకదానికొకటి రాసుకుని లేబుల్ మీద తెల్లటి గీతలు పడతాయి. పది కిలోల లోపు బరువున్న పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద మొత్తం పదిసార్లు పడవేసి చూడటం ప్యాకేజింగ్ రంగంలో వాడుకలో ఉన్న పరీక్ష. పగలడాన్నే కాదు, ఆ తరువాత సీసాలను తిరిగి తలకిందులుగా పెట్టి మూతలు వదులయ్యాయేమో కూడా చూడాలి. పెట్టె పక్కన రకం పేరు, సీసాల సంఖ్య, బ్యాచ్, తేదీ పెద్దగా ఉంటే గోదాములో పాత సరుకు వెనక్కి పోకుండా ఉంటుంది.

పదవ మెట్టు: షెల్ఫ్ ఎక్కిన తరువాత

మొదటి నెలలో వారానికొకసారి తయారీదారు స్వయంగా దుకాణానికి వెళ్లి, సీసాలను సర్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా ఫొటో తీయాలి. ఎన్ని సీసాలు పక్కకు తిరిగి ఉన్నాయి, ఏ సీసా మెడ జిడ్డుగా ఉంది, పైన నూనె పొర తగ్గి ముక్కలు పొడిగా బయటపడ్డాయా, వెలుతురుకు రంగు మారిందా, మూడు పట్టీలు ఒకే గీతలో నిలుస్తున్నాయా అన్నవి నమోదు చేయాలి. రకాల వారీగా అమ్మకాన్ని దుకాణం నుంచి అడిగి పక్కన రాసుకోవాలి. ఒక రకం మాత్రమే వెనకబడితే అది లేబుల్ తప్పో రుచి తప్పో తేల్చే ముందు దాని స్థానం మారిందేమో చూడాలి.

మార్పులు చేసేటప్పుడు ఏది మార్చకూడదో ముందు రాసుకోవడం అవసరం. పట్టీ రంగు, దాని ఎత్తు, ఒక్క ముక్క బొమ్మ, రకం పేరు స్థానం, ఈ నాలుగింటినీ మూడేళ్ల వరకు ముట్టుకోకూడదని మనవారు నిర్ణయించుకున్నారు. ఎందుకంటే రెండోసారి కొనడానికి వచ్చినవారు పేరును చదవరు, గుర్తున్న రూపాన్ని వెతుకుతారు. మార్చినవి చిన్నవి: నిమ్మ సీసా మీద కారం ఎంతో తెలిపే గుర్తు చేర్చారు, ఎందుకంటే దుకాణంలో అందరూ అడిగిన ప్రశ్న అదే, మూత స్టిక్కరు మీద అక్షరాలను పెద్దవి చేశారు, చిరునామా పలకను రెండు వరుసలు తగ్గించి బ్యాచ్ నంబరుకు చోటు పెంచారు. రెండో విడత లేబుళ్లు 2,000 వేయించారు, అందులోనూ వెల్లుల్లివి తక్కువ, మామిడివి ఎక్కువ, మొదటి మూడు నెలల అమ్మకపు నిష్పత్తిలో.